రెండు గడియారాలు, ఒకే పరీక్ష: వీడియో కాల్‌లో కలిసి చదువుకునే అక్కాతమ్ముళ్ల కథ రాయడం ఎలా?

ఇద్దరు పిల్లలు రెండు దేశాల్లో ఉన్నారు. ఒకే పరీక్షకు చదువుతున్నారు. రోజూ వీడియో కాల్‌లో కలుస్తారు. ఈ మాట వినగానే చాలామంది రాసే కథ ఒకటుంది. మధ్యలో నెట్ పోతుంది, ఏదో మాట మీద గొడవ పడతారు, పరీక్ష దగ్గర పడ్డాక కలిసిపోతారు, ఇద్దరూ పాసవుతారు. ఆ కథలోంచి టైమ్ జోన్ తీసేసి చూడండి. ఏమీ మారదు. పక్కపక్క వీధుల్లో ఉండే ఇద్దరికైనా అదే కథ అతుకుతుంది.

టైమ్ జోన్ తీసేస్తే కూలిపోయే కథ రాయడం ఎలాగో ఇక్కడ అడుగడుగునా చెప్తాను. ఒకే ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా దాంతోనే నడుద్దాం. నీరజ షికాగోలో ఉంటుంది, కౌశిక్ సింగపూర్‌లో ఉంటాడు. వాళ్ల అమ్మలు అక్కచెల్లెళ్లు.

## మొదటి అడుగు: వరస తేల్చుకోండి

మన భాషలో "కజిన్" అనే మాటకు ఒక్క పదం లేదు. ఇది రచయితకు ఇబ్బందిలా కనిపిస్తుంది కానీ నిజానికి వరం. పెద్దమ్మ కూతురైతే అక్క, మేనత్త కొడుకైతే బావ. కథ మొదటి పేరాలో పాత్ర నోటి నుంచి ఏ పిలుపు వస్తుందో దాన్ని బట్టి పాఠకుడు కథ ఎటు పోతుందో ఊహించేసుకుంటాడు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి వీడియో కాల్‌లో ఉన్నారు, ఆ అమ్మాయి "బావా" అంది. ఇక మీరు పరీక్ష గురించి ఎంత రాసినా పాఠకుడు పెళ్లి కోసమే చూస్తుంటాడు. మీరు రాయాలనుకున్నది అదే అయితే సరే. కాకపోతే ఆ ఒక్క పిలుపు మీ కథను వేరే దారి పట్టిస్తుంది.

అందుకే నేను అక్కాతమ్ముళ్ల వరస ఎంచుకున్నాను. నీరజ ఆరు నెలలు పెద్ద. ఆరు నెలల తేడా చాలా పనికొస్తుంది. ఇద్దరూ ఒకే తరగతి, ఒకే పరీక్ష, అయినా అతను "అక్కా" అనాల్సిందే, ఆమె "ఒరేయ్" అనొచ్చు. లెక్కల్లో మాత్రం అతను ముందున్నాడు. తమ్ముడు నేర్పుతుంటే అక్క నేర్చుకుంటుంది. పెద్దరికం ఒక వైపు, చదువు ఇంకో వైపు ఉండటంతో ఎవరు ఎవరికి తగ్గాలన్నది ప్రతి కాల్‌లోనూ చిన్నగా కదులుతూ ఉంటుంది. దీన్ని మీరు ఎక్కడా వివరించక్కర్లేదు. "అలా కాదు అక్కా, మళ్లీ చెయ్యి" అన్న ఒక్క వాక్యంలో అదంతా ఉంది.

## రెండో అడుగు: గడియారాల పట్టిక వేయండి

ఒక్క వాక్యం కూడా రాయకముందే చేయాల్సిన పని ఇది. కాగితం మీద రెండు నిలువు గళ్లు గీసి, కథ జరిగే నెలలన్నిటికీ రెండు ఊళ్ల టైమ్ రాసుకోండి. "ఇక్కడ పగలైతే అక్కడ రాత్రి" అన్న అంచనాతో బండి లాగిస్తే కథ మధ్యలో దొరికిపోతారు.

సింగపూర్ గడియారం ఏడాది పొడవునా మారదు. షికాగో గడియారం మాత్రం ఏటా రెండు సార్లు మారుతుంది. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు ఒక గంట ముందుకు జరిపితే, నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి జరుపుతారు. కాబట్టి చలికాలంలో రెండు ఊళ్లకు 14 గంటల తేడా, మార్చి నుంచి 13 గంటల తేడా. కథ 2026లో జరిగితే ఆ మార్పు మార్చి 8న వస్తుంది.

మన ఇద్దరూ స్కూలు రోజుల్లో కలవడానికి వీలైన టైమ్ ఒకటే. ఆమె స్కూలు బస్సు ఎక్కే లోపు, అతను పడుకునే లోపు. ఫిబ్రవరిలో అది షికాగోలో ఉదయం 6, సింగపూర్‌లో రాత్రి 8. దీన్ని మే వరకు సాగదీస్తే పట్టిక ఇలా వస్తుంది.

| ఎప్పుడు | షికాగో | సింగపూర్ | కిటికీ బయట |
|---|---|---|---|
| ఫిబ్రవరి | ఉదయం 6 | రాత్రి 8 | ఇద్దరికీ చీకటి |
| మార్చి 9, ఆమె గడియారం ప్రకారం | ఉదయం 6 | సాయంత్రం 7 | ఆమెకు చీకటి, అతనికి వెలుతురు |
| మార్చి 9, అతని గడియారం ప్రకారం | ఉదయం 7 | రాత్రి 8 | ఆమెకు తెల్లవారుతోంది, అతనికి చీకటి |
| మే | ఉదయం 6 | సాయంత్రం 7 | ఇద్దరికీ వెలుతురు |

చివరి గడిని కాసేపు చూడండి. సింగపూర్ భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి అక్కడ సూర్యాస్తమయం ఏడాదంతా ఇంచుమించు రాత్రి 7 ప్రాంతంలోనే ఉంటుంది. షికాగోలో మాత్రం సూర్యోదయం బాగా జరుగుతుంది. ఫిబ్రవరి మొదట్లో 7 దాటాక, మే మొదటి వారానికి 6 కంటే ముందే. కాబట్టి ఫిబ్రవరి కాల్స్‌లో ఇద్దరి వెనకా నల్లటి కిటికీలే ఉంటాయి. మే వచ్చేసరికి ఆమె వెనక పొద్దు పొడుస్తుంటే, అతని వెనక అదే సూర్యుడు దిగిపోతుంటాడు. తెర మీద రెండు కిటికీలూ ఒకే రంగులో ఉంటాయి. ఈ దృశ్యం నేను ఊహించి పెట్టింది కాదు, పట్టిక వేశాక దానంతట అదే దొరికింది. ఈ కథ మీద నాకు ప్రేమ పుట్టింది సరిగ్గా ఆ గడి దగ్గరే.

మీరు వేరే ఊళ్లు తీసుకుంటే ముందుగా చూసుకోవాల్సింది గంట జరిపే అలవాటు ఎవరికుందనే. రెండు వైపులా లేకపోతే మార్చి మలుపు మీకు దొరకదు, పరీక్ష రోజు మీదే ఆధారపడాలి. ఒక ఊరు భూమధ్యరేఖకు దిగువన, మరొకటి ఎగువన ఉండి రెండు చోట్లా గంట జరిపితే, ఒకరు ముందుకు, ఇంకొకరు వెనక్కి జరుపుతారు. అదీ ఒకే రోజున కాదు. అప్పుడు తేడా రెండు విడతల్లో మారుతుంది. అది ఇంకా పెద్ద కథకు పనికొస్తుంది.

## మూడో అడుగు: పరీక్షకు పేరు, నియమం ఉండాలి

"పెద్ద పరీక్ష" అని రాసి వదిలేస్తే కథకు వెన్నెముక ఉండదు. రెండు దేశాల్లో ఒకే సెషన్‌లో నిజంగా జరిగే పరీక్ష కావాలి. నేను ఇంటర్నేషనల్ బకలోరియెట్ డిప్లొమా తీసుకున్నాను. అందరూ ఐబీ అంటారు. దాని మే సెషన్ పరీక్షలు ప్రపంచమంతటా అవే వారాల్లో జరుగుతాయి. అందులో "అనాలిసిస్ అండ్ అప్రోచెస్" అనే లెక్కల కోర్సు ఉంది. హయ్యర్ లెవెల్ వాళ్లకు పేపర్ 1 రెండు గంటలు, 110 మార్కులు, క్యాలిక్యులేటర్ ఉండదు.

నన్ను పట్టుకున్నది మాత్రం దాని ఒక నియమం. పరీక్ష రాసి బయటికొచ్చిన విద్యార్థి 24 గంటల పాటు తన స్కూలు వాళ్లతో తప్ప బయటి వాళ్లెవరితోనూ ఆ పేపర్ గురించి మాట్లాడకూడదు. కారణం సూటిగానే ఉంది. తూర్పున ఉన్నవాళ్లు రాసేసరికి పడమటి వాళ్లు ఇంకా నిద్రలో ఉంటారు. కొన్ని సబ్జెక్టుల్లో ప్రాంతాన్ని బట్టి వేరే పేపర్లు కూడా ఇస్తారు. అయినా నియమం నియమమే. దాటి దొరికితే ఆ సబ్జెక్టుకు గ్రేడే రాకుండా పోవచ్చు.

ఇప్పుడు ఈ నియమాన్ని పట్టిక మీద పెట్టి చూడండి. ఇద్దరి స్కూళ్లలోనూ పేపర్ 1 అక్కడి టైమ్ ప్రకారం మధ్యాహ్నం 1 గంటకు మొదలవుతుందనుకుందాం. కౌశిక్ సింగపూర్‌లో 3 గంటలకు రాసి బయటికొస్తాడు. అప్పుడు షికాగోలో తెల్లవారుజామున 2. నీరజ రాయడానికి ఇంకా 11 గంటలుంది. మధ్యలో వాళ్లు రోజూ కలిసే టైమ్ వస్తుంది. అతనికి సాయంత్రం 7, ఆమెకు ఉదయం 6. అతను పేపర్ చూసేశాడు. ఆమె ఇంకో ఏడు గంటల్లో చూస్తుంది. నాలుగు నెలలుగా ఆ టైమ్‌కు తెరుచుకునే తెర ఇవాళ తెరవాలా, వద్దా?

కథ పతాక సన్నివేశం అదే. మీరు కనిపెట్టక్కర్లేదు, లెక్క వేస్తే చాలు.

## నాలుగో అడుగు: తెర మీద నిజంగా ఏం కనిపిస్తుందో గమనించండి

వీడియో కాల్ రాసేటప్పుడు చాలామంది ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టినట్టు రాస్తారు. "ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు" అని. వీడియో కాల్‌లో అది కుదరదు. కెమెరా తెరకు పైన ఉంటుంది. అవతలి మనిషి కళ్లను చూస్తే మన చూపు వాళ్లకు కిందికి దిగినట్టు కనిపిస్తుంది. వాళ్లకు మనం సూటిగా చూస్తున్నట్టు కనిపించాలంటే కెమెరాను చూడాలి, అప్పుడు వాళ్లు మనకు సరిగ్గా కనబడరు. ఒకరినొకరు ఒకేసారి చూసుకోవడం అనేది అక్కడ లేదు. దీన్ని కథలో ఒక్కసారే, సరైన చోట వాడండి. ఎక్కడో తర్వాత చెప్తాను.

నోట్‌బుక్ చూపించే ఘట్టం ఇంకొకటి. నీరజ తను రాసిన పేజీని కెమెరాకు చూపిస్తుంది. ఆమెకు తన బొమ్మ అద్దంలోలా తిరగబడి కనిపిస్తుంది, అక్షరాలన్నీ తిరగేసి ఉంటాయి. కానీ అతనికి సవ్యంగానే కనిపిస్తుంది. మామూలుగా యాప్‌లు మన బొమ్మను మనకే తిప్పి చూపిస్తాయి, అవతలి వాళ్లకు కాదు. ఈ తేడా తెలియక "అక్షరాలు తిరగబడ్డాయి, చదవలేకపోతున్నా" అని అవతలి పాత్రతో అనిపించిన కథలు చూశాను. అక్కడ పాఠకుడికి నమ్మకం పోతుంది. నిజంగా జరిగేది వేరే. వెనకున్న గదిని మసకబరిచే సెట్టింగ్ పెట్టుకుని ఉంటే, అది నోట్‌బుక్‌ను కూడా గదిలో భాగమనుకుని సగం మింగేస్తుంది. వేళ్లు కనిపిస్తాయి, పేజీ కనిపించదు. అది తీసేశాక పేజీ మరీ తెల్లగా వెలిగిపోయి, ఓ క్షణానికి సర్దుకుని, అక్షరాలు తేలతాయి.

శబ్దం సంగతీ అంతే. కలిసి చదువుకునే కాల్స్‌లో మాటలు తక్కువ, మౌనం ఎక్కువ. ఆ మౌనంలో అవతలి పెన్ను గరగర వినిపిస్తుందని రాయాలనిపిస్తుంది. కానీ ఇప్పటి యాప్‌లు మాట కాని శబ్దాన్ని చాలావరకు కోసేస్తాయి. పెన్ను, పేజీ తిప్పడం, ఫ్యాను ఏవీ సరిగ్గా వినబడవు. గొంతు మాత్రం దాటుతుంది. నాకు ఇది చాలా పనికొచ్చింది. వినబడని పెన్ను కదలడాన్ని కౌశిక్ ఆమె భుజం కదలికలో చూస్తాడు. భుజం ఆగిందంటే అక్క ఎక్కడో ఇరుక్కుంది. అతను అడగకముందే తెలిసిపోతుంది.

ఇంకొకటి, మాట చేరడానికి పట్టే ఆలస్యం. ఈ రెండు ఊళ్ల మధ్య దాదాపు 15,000 కిలోమీటర్లు. కేబుల్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే దారి నేరుగా ఉన్నా సెకనులో పదమూడో వంతు పోతుంది. నిజం దారి ఇంకా చుట్టూ తిరుగుతుంది, మధ్యలో యంత్రాలు తమ వంతు కలుపుతాయి. మామూలు మాటల్లో తెలియదు. ఇద్దరూ ఒకేసారి మాట మొదలుపెట్టినప్పుడు మాత్రం తెలుస్తుంది. ఇద్దరూ ఆగుతారు, "నువ్వు చెప్పు" అని ఇద్దరూ ఒకేసారి అంటారు. కథలో మొహమాటం ఉన్న చోట ఇది ఒక్కసారి వస్తే చాలు.

## ఐదో అడుగు: రోజూ చెప్పే ఒక మాట నాటండి

ఇద్దరి చదువులోంచి ఒక చిన్న వస్తువు కావాలి. రోజూ వచ్చేది, చివర్లో బరువెక్కేది. నేను గణితానుగమనం తీసుకున్నాను. పిల్లలు ఇండక్షన్ అంటారు. ఒక లెక్క చూపిస్తాను, కథలో ఉండేంత మేరకే.

`1 + 3 + 5 + … + (2n − 1) = n²` అని రుజువు చేయాలి. n = 1 అయితే రెండు వైపులా 1, నిజం. n = k దగ్గర నిజమనుకుని, తర్వాతి బేసి సంఖ్య 2k + 1 కలిపితే `k² + 2k + 1`, అంటే `(k + 1)²`. లెక్క అయిపోయింది. రుజువు మాత్రం అయిపోలేదు. "n = 1కి నిజం, n = kకి నిజమైతే n = k + 1కి కూడా నిజం, కాబట్టి అన్ని ధన పూర్ణాంకాలకూ నిజం" అన్న చివరి వాక్యం రాయాలి. దానికీ మార్కుంటుంది. నీరజ ప్రతిసారీ ఆ వాక్యం దగ్గర పెన్ను పడేస్తుంది. లెక్క వచ్చేసింది కదా అని ఆమె తొందర.

కాబట్టి ప్రతి కాల్ చివరా కౌశిక్ ఒకే మాట అంటాడు. "చివరి వాక్యం మర్చిపోకు అక్కా." మొదట్లో అది పాఠం. తర్వాత ఆటపట్టింపు. ఆ తర్వాత అదే వాళ్ల గుడ్‌నైట్, గుడ్‌మార్నింగ్. ఒకరికి రాత్రి, ఒకరికి ఉదయం కాబట్టి ఆ రెండు మాటల్లో ఏదన్నా ఒకరికి తప్పే అవుతుంది. ఈ మాట మాత్రం ఇద్దరికీ సరిపోతుంది. కథ మొదటి సగంలో దీన్ని కనీసం మూడు చోట్ల పెట్టండి, మూడు రకాల గొంతులతో. ఎక్కడా ఎత్తి చూపించకండి.

## ఆరో అడుగు: ఎవరి వైపు నుంచి చెప్పాలి?

నేను కౌశిక్ వైపు నుంచే మొత్తం చెప్పాను. దానికి రెండు కారణాలు. మార్చిలో జరిగే మార్పు అతని ఊళ్లో కనిపించదు. అతని గడియారం కదలలేదు, అతని దినచర్య మారలేదు, అయినా అక్క మాయమైంది. నీరజ వైపు నుంచి చెబితే గంట జరిగిన సంగతి ఆమె ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి మలుపు ముందే బయటపడుతుంది. రెండోది, మేలో పేపర్ చూసేసి నోరు కట్టేసుకోవాల్సింది అతనే.

ఒక వైపు తేలాక టైమ్ చెప్పడంలో ఒక నియమం పెట్టుకోండి. కథనంలో వచ్చే గంటలన్నీ అతని గడియారానివే. ఆమె టైమ్ సంభాషణలోనో, కిటికీ వెలుతురులోనో మాత్రమే రావాలి. "రాత్రి 8 గంటలు, షికాగోలో ఉదయం 6" అని ప్రతి సన్నివేశానికీ రెండేసి గంటలు రాస్తే అది రైల్వే టైమ్‌టేబుల్‌లా అయిపోతుంది. "రేపు" అనే మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. స్కూలు రోజుల కాల్‌లో ఇద్దరికీ ఒకే తేదీ, ఇబ్బంది లేదు. శనివారం రాత్రి నీరజ మాట్లాడుతుంటే మాత్రం కౌశిక్‌కు అప్పటికే ఆదివారం ఉదయం. "రేపు చేద్దాం" అని ఆమె అంటే, అతనికి అది ఇవాళే.

## ఏడో అడుగు: మార్చి 9, ఇద్దరూ టైమ్‌కే వచ్చిన రోజు

మలుపు మామూలుగా ఇలా ఉంటుంది. శనివారం కాల్‌లో చిన్న గొడవ. "నువ్వు అసలు చదవట్లేదు అక్కా" అన్నాడు. ఆమె కాల్ పెట్టేసింది. ఆదివారం తెల్లవారుజామున ఆమె గడియారం ఒక గంట ముందుకు జరిగింది. సోమవారం ఆమె తన ఉదయం 6కి వచ్చింది. అప్పుడు అతనికి సాయంత్రం 7, ఈత ప్రాక్టీసులో ఉన్నాడు. ఆమె 6:50 దాకా చూసి బస్సుకు వెళ్లిపోయింది. అతను తన రాత్రి 8కి వచ్చాడు. అప్పుడు ఆమెకు ఉదయం 7, బస్సులో ఉంది.

ఇక్కడ పాఠకుడు అడిగే ప్రశ్న ఒకటుంది. చేతిలో ఫోన్లున్నాయిగా, ఒక మెసేజ్ పెట్టొచ్చుగా? దీనికి జవాబు లేకుండా ముందుకు పోకండి. నేను రెండు పనులు చేశాను. మొదటిది, వాళ్లు ఫోన్ చేసుకోరు, రోజూ ఒకే లింక్ నొక్కి ఒకే గదిలోకి వస్తారు. కాల్ చేస్తే మిస్డ్ కాల్ అని గుర్తు మిగులుతుంది. లింక్ నొక్కి ఖాళీ గదిలో కూర్చుని వెళ్లిపోతే అవతలి వాళ్లకు ఏమీ కనిపించదు. రెండోది ఆ గొడవ. ఇద్దరూ "ముందు తనే మెసేజ్ పెట్టాలి" అని కూర్చున్నారు. గొడవ లేకపోతే ఈ మలుపు నిలబడదు, గడియారం జరగకపోతే గొడవ ఒక్క రోజులో తేలిపోతుంది. ఒకటి రెండోదాన్ని మోస్తోంది.

సన్నివేశం ఇలా రాశాను:

> ఎనిమిదయింది. గదిలో తనొక్కడే. ఎవరూ లేనప్పుడు తెర నిండా తన ముఖమే ఉంటుందని కౌశిక్ ఇంతకుముందు గమనించలేదు. తడి జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. ఎనిమిదీ పది. ఎనిమిదీ ఇరవై. మెసేజ్ బాక్సులో "అక్కా" అని కొట్టి, కాసేపు దాన్నే చూసి, చెరిపేశాడు. నిజంగానే కోపమొచ్చిందన్నమాట. రానీ. పుస్తకం తెరిచి ఒక లెక్క పూర్తి చేశాడు. చివరి వాక్యం రాశాడు. ఎవరికీ చెప్పకుండానే రాశాడు.

మంగళవారం కూడా ఇంతే, రెండు వాక్యాల్లో దాటించండి. బుధవారం ప్రాక్టీసు లేదు. సారీ చెప్పాలనుకుని పది నిమిషాలు ముందే కూర్చున్నాడు:

> లింక్ నొక్కగానే తెరలో నీరజ. భుజాన బ్యాగు, ఒక చేయి ల్యాప్‌టాప్ మూత మీద.
>
> "వచ్చావా? ఇంత లేటుగానా?" అంది.
>
> "లేటేంటి అక్కా, పది నిమిషాలు ముందే వచ్చాను."
>
> "యాభై నిమిషాలు లేటు. మూడు రోజులుగా కూర్చుంటున్నాను."
>
> "నేనూ కూర్చుంటున్నాను."
>
> ఇద్దరూ ఒకేసారి ఏదో అనబోయి ఆగారు. ఆమె మూత మీంచి చేయి తీసింది. "ఒరేయ్, మీకు గంట మారలేదా?"

వివరణ ఇక్కడితో ఆపండి. గంట ఎందుకు జరుపుతారో ఏ పాత్రా చెప్పక్కర్లేదు. ఈ ఒక్క ప్రశ్నతో పాఠకుడికి అంతా అర్థమవుతుంది. మూడు రోజుల కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఇద్దరూ కాసేపు అలా ఉండిపోతారు.

తర్వాత రాజీ ఎవరు పడతారు? ఆమె బస్సు కదలదు. అతని ఈత టైమ్ మారాలి. అతను కోచ్‌ని అడిగి ఉదయం బ్యాచ్‌కి మారాడని ఒక్క వాక్యం చాలు. తమ్ముడు తగ్గాడు, మాటల్లో కాదు, గంటల్లో.

## ఎనిమిదో అడుగు: పరీక్ష రోజు కాల్

ఏప్రిల్‌ను ఒక పేరాలో దాటించి మేకు రండి. ఇప్పుడు కాల్ సాయంత్రం 7కి. కౌశిక్ పేపర్ రాసి నాలుగు గంటలయింది. ఇక్కడ మీ ముందు మూడు దారులున్నాయి, మూడూ రాసి చూశాను.

ఒకటి, అతను కాల్‌కే రాడు. నియమానికి ఇది భద్రం. కానీ నాలుగు నెలల కథ ఖాళీ గదితో ముగుస్తుంది, మార్చి సన్నివేశమే మళ్లీ వచ్చినట్టుంటుంది. రెండు, అతను ఏదో ఒకటి చెప్పేస్తాడు. అప్పుడు కథ మోసం గురించి అవుతుంది, నేను రాయాలనుకున్నది అది కాదు. మూడోది, అతను వస్తాడు, పేపర్ మాట ఎత్తడు. ఇది తేలికగా కనిపిస్తుంది, కానీ అన్నిటికంటే కష్టం ఇక్కడే ఉంది. రోజూ చెప్పే మాట సంగతేంటి?

ఆలోచించండి. "చివరి వాక్యం మర్చిపోకు" అని ఇవాళ అంటే, పేపర్‌లో ఇండక్షన్ వచ్చిందని చెప్పినట్టే. అనకపోతే, రాలేదని చెప్పినట్టే. అన్నా, అనకపోయినా ఆమెకు ఏదో ఒకటి తెలిసిపోతుంది. పేపర్లు వేరే కావచ్చు, అతను చూసింది ఆమెకు రాకపోవచ్చు, అది వాళ్లకు తెలియదు. నాలుగు నెలలు ప్రేమగా చెప్పిన మాట ఒక్క పూటకు చెప్పకూడని మాటయింది. మీరు మొదటి సగంలో ఆ మాటను సరిగ్గా నాటి ఉంటే ఇక్కడ ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేదు.

ఈ ముడి విప్పాల్సింది అతను కాదు, ఆమె. పేపర్ చూడని మనిషి ఏం మాట్లాడినా తప్పు లేదు. పైగా ఆమె అక్క:

> రెండు కిటికీల్లోనూ ఒకటే రంగు. ఆమె వెనక సూర్యుడు వస్తున్నాడు, తన వెనక వెళ్తున్నాడు. కౌశిక్ తెర మీద ఆమె ముఖం చూడలేదు. పైన కెమెరా పక్కనుండే చిన్న ఆకుపచ్చ దీపాన్ని చూస్తూ కూర్చున్నాడు. అలా చూస్తే ఆమెకు తను సూటిగా చూస్తున్నట్టు ఉంటుంది. ఆమె ఎలా ఉందో మాత్రం తనకు కనిపించదు. తన ముఖంలో ఏముందో ఆమె చదవకముందే తనే ఆమె ముఖంలో చదివేస్తానేమోనని భయం.
>
> "నిద్ర పట్టిందా అక్కా?"
>
> "పట్టింది. నువ్వేం మాట్లాడకు. నేనే మాట్లాడతా."
>
> "సరే."
>
> పెన్నులు మూడు పెట్టుకున్నానంది. బస్సు కాదు, నాన్న దింపుతాడంది. కాసేపు ఇద్దరూ ఊరుకున్నారు. టైమ్ దగ్గర పడింది. రోజూ ఆ మాట వచ్చే చోటు వచ్చింది. అతని నోరు తెరుచుకునే లోపు ఆమె చేయెత్తి ఆపింది.
>
> "అది ఇవాళ నా వంతు," అంది. "చివరి వాక్యం మర్చిపోను. నువ్వు వినడమే."

కెమెరాను చూడటం అన్న వివరాన్ని ఇందాక దాచమన్నది ఈ చోటు కోసమే. అతను ఆమెకు సూటిగా కనిపిస్తూనే ఆమెను చూడకుండా ఉండగలిగే చోటు అదొక్కటే.

ఫలితాలు రాయకండి. ఐబీ మే సెషన్ ఫలితాలు జులైలో వస్తాయి, అక్కడి దాకా సాగదీస్తే కథ మార్కుల గురించి అయిపోతుంది. ముగింపు ఎక్కడ పెట్టాలో మళ్లీ పట్టికే చెప్తుంది. నీరజ షికాగోలో మధ్యాహ్నం 3కి రాసి బయటికొస్తుంది, ఆమె 24 గంటలు మర్నాడు మధ్యాహ్నం 3కి తీరతాయి. అప్పుడు సింగపూర్‌లో ఆ పైరోజు తెల్లవారుజామున 4. కౌశిక్ అలారం పెట్టుకోవాలి.

## తొమ్మిదో అడుగు: దిద్దేటప్పుడు

మొదటి ప్రతి అయ్యాక కథను ఒకసారి గంటల కోసమే చదవండి. ఎర్ర పెన్నుతో ప్రతి టైమ్‌కూ, ప్రతి "పొద్దున్న", "రాత్రి", "రేపు"కూ గీత గీసి పట్టికతో సరిచూడండి. నా మొదటి ప్రతిలో ఏప్రిల్ కాల్‌లో కౌశిక్ "పడుకునే టైమయింది" అన్నాడు. మార్చి తర్వాత కాల్ సాయంత్రం 7కి జరిగింది, ఆ టైమ్‌కు ఎవరు పడుకుంటారు? గంట జరిగిందని కథలో రాసిన నేనే పాత్ర నోటి దగ్గర మర్చిపోయాను. ఇలాంటి తప్పు ఎక్కువగా మలుపు తర్వాతి పేరాల్లోనే దొరుకుతుంది, ఎందుకంటే ఫిబ్రవరి అలవాటు మన చేతిలో ఇంకా ఉంటుంది.

రెండో చదువు కిటికీల కోసం. ఫిబ్రవరి, మార్చి, మే సన్నివేశాల్లో వెలుతురు ఎలా ఉందో కనీసం ఒక్క మాటలో ఉందా? ఫిబ్రవరి చీకటి కిటికీలు కనిపించకపోతే మే వెలుతురుకు పాఠకుడు ఆగడు. నాకు ఫిబ్రవరిలో ఒక్క వాక్యమే తక్కువైంది. దాన్ని చివరలో వెనక్కి వెళ్లి పెట్టాను. "రెండు నల్లటి కిటికీల మధ్య రెండు ముఖాలు" అని.